మూడో తరగతి తీసివేత: కుదురుగా కూర్చోలేని పిల్లలకి 40 నిమిషాల పాఠం తయారుచేసుకునే పద్ధతి

నేను శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట దగ్గర ఒక ఊరి బడిలో పాఠాలు చెబుతున్నాను. కిందటేడాది మూడో తరగతికి పదులు విడగొట్టి చేసే తీసివేత, అదే పిల్లలు 'అప్పు తెచ్చుకోవడం' అనే లెక్క, ఏకబిగిన 25 నిమిషాలు బోర్డు మీద చెప్పాను. ఒక బాబు మొదటి మూడు నిమిషాలు కళ్ళప్పగించి విన్నాడు. ఆ తర్వాత పెన్సిలు చెక్కుకున్నాడు, పక్కవాడి సంచి లాగాడు, బెంచీ కిందకి దూరాడు, చివరికి గుమ్మం దగ్గర తేలాడు. పది లెక్కలిస్తే ఒకటిన్నర చేశాడు. కేకలేశాను. మర్నాడూ అదే జరిగింది.

తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, నా పాఠం ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సులా ఉంది. మధ్యలో ఒకసారి దిగిపోయిన పిల్లవాడు మళ్ళీ ఎక్కడానికి స్టాపు లేదు. శ్రద్ధ నిలవని పిల్లలు దిగడం మనం పూర్తిగా ఆపలేం. పల్లెవెలుగు బస్సులా ఊరూరా ఆగితే మాత్రం వాళ్ళు ఎక్కగలరు. ఈ వ్యాసంలో ఆ ఒక్క పాఠాన్నే తీసుకుని, దాన్ని ముక్కలుగా ఎలా విడగొట్టాను, మధ్యలో కదలిక ఎక్కడ పెట్టాను, బొమ్మల షెడ్యూల్ ఎలా చేశాను అన్నది మొదటి నుంచి చెబుతాను. మీరు చెప్పేది వేరే పాఠమైనా కొలతలు తీసుకునే పద్ధతి ఇదే.

ముందు మూడు రోజులు గడియారం పట్టుకుని చూడండి

పిల్లవాడు ఎంతసేపు నిలుస్తాడో తెలియకుండా పాఠాన్ని ముక్కలు చేస్తే అది గుడ్డిగా కోసినట్టే. వయసుకి ఇన్ని నిమిషాలు అనే లెక్కలు చాలా చోట్ల వినిపిస్తాయి. నేను వాటిని నమ్ముకోను. ఎందుకంటే ఒకే పిల్లవాడు ఒక పనిలో 2 నిమిషాలు, ఇంకో పనిలో 8 నిమిషాలు నిలుస్తాడు. కొలవాల్సింది పిల్లవాణ్ణొక్కణ్ణే కాదు, పిల్లవాణ్ణి, పనిని కలిపి కొలవాలి.

ఒక చిన్న పుస్తకంలో మూడు గళ్ళు గీయండి. మొదటి దాంట్లో పని ఏమిటో, రెండో దాంట్లో మొదలైన సమయం, మూడో దాంట్లో పని వదిలేసిన సమయం రాయండి. 'వదిలేయడం' అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. ఒకసారి కిటికీ వైపు చూసి తనంతట తనే మళ్ళీ పనిలోకి వస్తే అది వదిలేసినట్టు కాదు. అర నిమిషం దాటినా తిరిగి రాకపోతేనే వదిలేసినట్టు. కాలు ఊపడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, నిలబడి రాయడం కూడా లెక్కలోకి రావు. చెయ్యి పని చేస్తుంటే ఒళ్ళు ఎలా ఉన్నా ఫరవాలేదు.

మా బాబు విషయంలో మూడు రోజుల్లో తేలింది ఇది. బోర్డు చూసి ఎక్కించుకోవడం 2 నుంచి 3 నిమిషాలు. నేను చెబుతుంటే వినడం 3 నిమిషాలు. పలక మీద బొమ్మ గీయడం 6 నిమిషాలు. చేతిలో వస్తువులు పెట్టుకుని చేసే పని 7, 8 నిమిషాలు. మధ్యాహ్న భోజనం తర్వాత ఇవన్నీ దాదాపు సగానికి పడిపోయాయి. అందుకే లెక్కల పీరియడ్‌ని ఉదయానికి మార్చుకున్నాను. మీకు ఆ వీలుంటే మొదట చేయాల్సిన మార్పు అదే. దానికి సామాను అక్కర్లేదు, ఖర్చూ లేదు.

ఈ మూడు రోజుల్లోనే ఇంకో పిల్ల కూడా కంటబడింది. చివరి బెంచీలో కదలకుండా, మాట్లాడకుండా కూర్చుంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ లెక్క ఇచ్చిన 5 నిమిషాల తర్వాత చూస్తే పలక ఖాళీ. శ్రద్ధ ఇబ్బంది అంటే గంతులేసే మగపిల్లలే అనుకుంటాం గానీ, ఇలా నిశ్శబ్దంగా పాఠంలోంచి జారిపోయే పిల్లలూ ఉంటారు. వాళ్ళకి కావాల్సింది వేరు. దాని గురించి కిందకి చెబుతాను.

ముక్క అంటే నిమిషాలు కాదు, చేత్తో పూర్తిచేసే ఒక పని

మొదట్లో నేను చేసిన పొరపాటు ఏమిటంటే, 25 నిమిషాల ఉపన్యాసాన్నే 5 నిమిషాలకొకసారి ఆపి చప్పట్లు కొట్టించాను. పని మారలేదు కాబట్టి ఫలితమూ మారలేదు. ముక్కకి రెండు లక్షణాలుండాలి. ఒకటి, అది అయిపోయిందని పిల్లవాడికి నేను చెప్పక్కర్లేకుండానే కనబడాలి. రెండు, ముందు ముక్కలో సగం తప్పిపోయినా ఈ ముక్క మొదలుపెట్టగలగాలి.

తీసివేత పాఠాన్ని ఇలా నాలుగు ముక్కలు చేశాను. మొదటిది, పుల్లలతో నాతోపాటు ఒక లెక్క చేయడం. రెండోది, జతలుగా పుల్లలతో మూడు లెక్కలు చేయడం. మూడోది, అదే పని పలక మీద బొమ్మగా గీయడం, అంటే పదికి నిలువు గీత, ఒకటికి చుక్క. నాలుగోది, అంకెలతో మూడు లెక్కలు రాయడం. ఒకే విషయం నాలుగుసార్లు నాలుగు రూపాల్లో వస్తోందని గమనించండి. రెండో ముక్కలో గుమ్మం దగ్గరున్నవాడికి మూడో ముక్కలో అదే విషయం మళ్ళీ ఎదురవుతుంది. బస్సు స్టాపు అన్నది ఇదే.

ముక్క ఎంతసేపుండాలి అంటే, ఆ రకం పనిలో పిల్లవాడు వదిలేసే సమయానికి ఒక నిమిషం తక్కువ. మా బాబు వస్తువులతో 7, 8 నిమిషాలు నిలుస్తాడు కాబట్టి ఆ ముక్కలు 6, 7 నిమిషాలు. పలక పని 5 నిమిషాలు. రాతలో మాత్రం 2, 3 నిమిషాలే నిలుస్తాడు, మరి మూడు లెక్కలు ఎలా? కాగితాన్ని మూడు చీటీలుగా చింపాను. చీటీకి ఒక లెక్క. ఒకటి చేసి, లేచి నా బల్ల మీద డబ్బాలో వేసి, రెండోది తీసుకెళ్ళాలి. నాలుగడుగుల నడక మధ్యలో పడింది, ఒక్కో చీటీ నిమిషంన్నరలో అయిపోతోంది. లెక్కలు అవే మూడు. పిల్లవాడికి కనబడే కొండ మాత్రం చిన్నదైంది.

సామాను విషయానికొస్తే, కొబ్బరి చీపురు పుల్లల్ని జానెడు ముక్కలుగా విరిచి, పదేసి కట్టలు కట్టించాను. జతకి ఏడు కట్టలు, పది విడి పుల్లలు ఒక గుడ్డసంచిలో. మొదట రబ్బరు బ్యాండ్లు వేశాను. రెండు నిమిషాల్లో తరగతంతా బాణాలు ఎగిరాయి. తర్వాత సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగి తెచ్చి కత్తెరతో వేలెడు వెడల్పు రింగులు కోశాను. అవి మందంగా ఉంటాయి, లాగినా ఎగరవు. ఈ రింగుకి ఇంకో పెద్ద పని ఉంది, అది ఇప్పుడు చెబుతాను.

53 లోంచి 27: ఏ అంకెలు ఎంచుకుంటామన్నది ముఖ్యం

శ్రద్ధ నిలవని పిల్లవాడు తప్పు చేసినప్పుడు ఆ తప్పు దేనివల్ల వచ్చిందో మనకి తెలియాలి. లెక్క అర్థం కాలేదా, అర్థమై కూడా మధ్యలో ఒక మెట్టు జారిపోయిందా? ఈ రెండింటికీ మందు వేరు.

నేను మొదట 52 లోంచి 27 ఇచ్చేదాన్ని. సరైన జవాబు 25. చాలామంది 35 రాసేవారు. ఎందుకు రాశారో ఆ 35 చూస్తే తెలిసేది కాదు. 2 లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 లోంచి 2 తీసి 5, ఆ పక్కన 5 లోంచి 2 తీసి 3 వేస్తే 35 వస్తుంది. అప్పు సరిగ్గానే తెచ్చి 12 లోంచి 7 తీసి 5 వేసి, పదుల్లో ఒకటి తగ్గించడం మరిచిపోయినా 35 వస్తుంది. రెండు వేర్వేరు తప్పులకి ఒకటే జవాబు.

అంకె ఒక్కటి మార్చి 53 లోంచి 27 ఇవ్వండి. సరైన జవాబు 26. తిరగేసి తీసినవాడు 34 రాస్తాడు. పది తగ్గించడం మరిచినవాడు 36 రాస్తాడు. పలక ఎత్తగానే మీకు తెలిసిపోతుంది. ఒకట్ల స్థానంలో రెండు అంకెల మధ్య తేడా సరిగ్గా 5 వచ్చేటట్టు ఇస్తేనే ఈ చిక్కు, కాబట్టి లెక్కలు తయారుచేసుకునేటప్పుడు ఆ జతలు వదిలేయండి.

34 రాసినవాడు పుల్లల దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. 5 కట్టలు, 3 విడి పుల్లలు పెట్టుకుని అందులోంచి 7 విడి పుల్లలు ఇవ్వమంటే ఇవ్వలేడు. ఒక కట్ట విప్పితే 4 కట్టలు, 13 విడి పుల్లలు అవుతాయి. 7 ఇస్తే 6 మిగులుతాయి, 2 కట్టలు ఇస్తే 2 మిగులుతాయి.

36 రాసినవాడికి మళ్ళీ మొదటినుంచి చెప్పకండి. వాడికి లెక్క వచ్చు. 13 లోంచి 7 తీస్తున్నంతసేపు 'పదుల్లో ఒకటి పోయింది' అనే సంగతిని బుర్రలో పట్టుకుని ఉండాలి, అది నిలవలేదు. ఇలా చేస్తున్న పని మధ్యలో ఒక సంగతిని తాత్కాలికంగా పట్టి ఉంచుకునే శక్తి శ్రద్ధ ఇబ్బంది ఉన్న చాలామంది పిల్లల్లో తక్కువగా ఉంటుంది. కాబట్టి ఆ సంగతిని బుర్రలోంచి తీసి చేతికి ఇచ్చేయాలి. కట్ట విప్పగానే ఆ ట్యూబు రింగు వేలికి తొడుక్కోవాలి అన్నది మా తరగతి నియమం. పదుల దగ్గరికి వచ్చేసరికి వేలు చూసుకుంటారు. రింగు ఉంటే ఒక కట్ట పోయినట్టు. రాత లెక్కల్లో కూడా మొదటి రెండు వారాలు రింగు వేలికి తొడుక్కుని, వెంటనే 5 కొట్టేసి పైన 4 రాయమన్నాను. మా బాబు 36లు నాలుగైదు రోజుల్లోనే బాగా తగ్గాయి.

కార్డుల షెడ్యూల్

బొమ్మలతో రోజు క్రమాన్ని చూపించే పద్ధతి ఆటిజం ఉన్న పిల్లల కోసం 1970ల్లో అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న బోధనా విధానం ద్వారా బాగా వ్యాపించింది. శ్రద్ధ ఇబ్బంది ఉన్న పిల్లలకి అది ఇంకో కారణంతో పనికొస్తుంది. 'ఇప్పుడు ఏం చేయాలి' అన్న మాట ఒకసారి చెవిలో పడి పోతుంది. బొమ్మ మాత్రం వాడు తిరిగి చూసేవరకు అక్కడే ఉంటుంది.

పాత శుభలేఖల అట్టలు కార్డులకి బాగుంటాయి. అరచేతికి కాస్త పెద్దగా కోసి, వెనకవైపు తెల్ల కాగితం అంటించి, స్కెచ్ పెన్నుతో గీయండి. ఒక్కటి గుర్తుంచుకోండి: కార్డు మీద సబ్జెక్టు పేరు కాదు, చెయ్యి చేసే పని గీయాలి. 'గణితం' అని రాస్తే ఏం చేయాలో పిల్లవాడికి తెలియదు. పుల్లల కట్ట బొమ్మ గీస్తే సంచి తీయాలని తెలుస్తుంది. ఈ పాఠానికి నావి ఏడు కార్డులు: పుల్లల కట్ట, తప్పెట, ఇద్దరు పిల్లలు, పలక, గోడని తోసే చేతులు, చీటీ, డబ్బా.

బోర్డు పక్కన, కిటికీకి గుమ్మానికి దూరంగా, పిల్లలు కూర్చుంటే కళ్ళకి ఎదురుగా వచ్చే ఎత్తులో ఒక తాడు నిలువుగా కట్టి, బట్టల క్లిప్పులతో కార్డులు పైనుంచి కిందకి పెట్టండి. కింద ఒక గుడ్డసంచి తగిలించి 'అయిపోయాయి' అని రాయండి. ముక్క పూర్తికాగానే ఒక పిల్లవాడు వెళ్ళి కార్డు తీసి సంచిలో వేయాలి. మా బాబుకి ఈ పని రోజు విడిచి రోజు వచ్చేటట్టు చూశాను. షెడ్యూల్ పనిచేసేది పిల్లలు దాన్ని చేత్తో నడిపినప్పుడే. చాలా బడుల్లో రంగురంగుల టైమ్‌టేబుల్ చార్టు గోడకి అందంగా ఉంటుంది, వారం తర్వాత అది గోడలో కలిసిపోతుంది, ఎవరూ చూడరు.

ఏడు కార్డులు కూడా ఎక్కువయ్యే పిల్లలుంటారు. వాళ్ళ బెంచీ మీద రెండే గళ్ళున్న అట్ట పెట్టండి: 'ఇప్పుడు', 'తర్వాత'. ఇప్పుడు పుల్లలు, తర్వాత తప్పెట. అంతే. మా బాబు రెండు నెలలు ఈ అట్ట మీదే నడిచాడు.

ప్రశ్నార్థకం గుర్తుతో ఇంకో కార్డు సిద్ధంగా ఉంచుకోండి. హఠాత్తుగా ఎవరైనా తనిఖీకి వచ్చినా, కరెంటు పోయినా, వాన పడి వరండా తడిసినా ఆ కార్డు తగిలించి ఏం మారిందో చెబుతాను. క్రమం చెప్పాపెట్టకుండా మారితే ఈ పిల్లలు మిగతా పీరియడ్ అంతా సర్దుకోలేరు.

సమయం చూపించడానికి నేను వాడేది గోడ గడియారం, బొట్టుబిళ్ళ. పెద్దముల్లు ఎక్కడికొస్తే ముక్క అయిపోతుందో ఆ చోట అద్దం మీద ఎర్ర బొట్టుబిళ్ళ అంటిస్తాను. గడియారం చూడటం రాని పిల్లలకి కూడా ముల్లు బొట్టుని తాకడం తెలుస్తుంది. కొందరికి ఇదే టెన్షన్ అవుతుంది, పని మానేసి ముల్లునే చూస్తుంటారు. అలాంటి పిల్లవాడు ఉంటే బొట్టుబిళ్ళ తీసేయండి, కార్డులు చాలు.

ఒక హెచ్చరిక. కొత్త పాఠమూ కొత్త షెడ్యూలూ ఒకే రోజు మొదలుపెట్టకండి. వారం రోజులు వచ్చిన కూడికల మీదే కార్డులు నడిపించండి. కార్డు తీయడం, సంచి సర్దడం, చీటీ డబ్బాలో వేయడం ఒంటికి అలవాటైన తర్వాతే కొత్త లెక్క.

కదలిక: ఎప్పుడు, ఏది, ఎలా ఆపాలి

మన దగ్గర పిల్లలకి తప్పెటగుళ్ళు చూపించక్కర్లేదు. గుండెకి రేకు తప్పెట కట్టుకుని రెండు చేతులతో వాయిస్తూ గజ్జెల కాళ్ళతో ఎగిరే ఆ ఆట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో జాతరకి వెళ్ళిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. నా మొదటి కదలిక అదే. బెంచీల పక్కన ఎవరి చోట వాళ్ళు నిలబడతారు. గుండె మీద రెండు దెబ్బలు, తొడల మీద రెండు, అక్కడికక్కడే అడుగు. ఇలా వేగంగా 16 సార్లు, మధ్యస్థంగా 8 సార్లు, బాగా నెమ్మదిగా 4 సార్లు. చివరి దెబ్బకి కూర్చోవాలి. రెండు నిమిషాల్లోపు అయిపోతుంది.

వేగం తగ్గుతూ రావడంలోనే కిటుకుంది. మొదట్లో నేను పిల్లల్ని ఆవరణలోకి వదిలి 'ఒక రౌండు పరిగెత్తి రండి' అనేదాన్ని. వెళ్ళడం ఒక నిమిషం, తిరిగి తేవడం ఎనిమిది నిమిషాలు. వచ్చాక కూడా ఒగురుస్తూ నవ్వుతూ ఉండేవారు. కదలికకి మొదలు, చోటు, చివర మూడూ ముందే తెలిసి ఉండాలి. ఆపడానికి నా గొంతు వాడకూడదు, ఆటలోనే ఆపు ఉండాలి.

రెండో కదలిక బరువు పని. రెండు అరచేతులు గోడకి ఆనించి పదంకెలు లెక్కపెట్టేవరకు గట్టిగా తోయడం, మూడుసార్లు. గోడ చాలకపోతే ఇద్దరేసి ఎదురెదురుగా అరచేతులు కలిపి తోసుకుంటారు. రాత పనికి ముందు ఇది పెట్టాను, ఎందుకంటే తప్పెటగుళ్ళ తర్వాత పెన్సిలు పట్టిస్తే చేతులు ఇంకా ఆడుతుంటాయి.

కదలిక పెట్టే సమయం గురించి గట్టిగా చెప్పాలి. పిల్లవాడు అల్లరి మొదలుపెట్టాక బ్రేక్ ఇస్తే, అల్లరి చేస్తే బ్రేక్ వస్తుందని వాడు నేర్చుకుంటాడు. వాడి తప్పేమీ లేదు, మనమే నేర్పాం. అందుకే ముక్క చివర, వాడు ఇంకా పనిలో ఉండగానే బ్రేక్ రావాలి. అలాగే 'లెక్కలు పూర్తిచేసినవాళ్ళకే తప్పెట' అనకండి. పూర్తిచేయలేకపోయిన పిల్లవాడికే అది ఎక్కువ అవసరం. శిక్షగా ఆటల పీరియడ్ ఆపేసినా జరిగేది ఇదే.

కదలిక అందరికీ ఒకేలా ఉపయోగపడదన్నది కూడా తెలిసిన విషయమే. అమెరికాలో 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లల మీద జరిగి 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే ఇబ్బంది ఉన్న పిల్లలు ఎక్కువ కదిలినప్పుడు జ్ఞాపకాన్ని పట్టి ఉంచుకునే పనులు మెరుగ్గా చేశారు. ఆ ఇబ్బంది లేని పిల్లలకి ఎక్కువ కదలిక ఆటంకమైంది. నేను దీన్నుంచి తీసుకున్నది ఏమిటంటే, తరగతి మొత్తానికి 40 నిమిషాల్లో రెండు కదలికలు చాలు. మా బాబుకి అదనంగా కావాల్సింది పనిలోనే కలిపాను: సంచులు పంచడం, బోర్డు తుడవడం, చీటీ తీసుకెళ్ళి డబ్బాలో వేయడం. వెనక బెంచీలో నిలబడి రాసుకునే చోటు కూడా ఇచ్చాను. నిలబడి రాస్తే వెనకవాళ్ళకి బోర్డు అడ్డం రాని చోటు చూసుకోవాలి.

నిశ్శబ్దంగా ఉండే ఆ పిల్లకి తప్పెటగుళ్ళు పెద్దగా ఉపయోగపడలేదు. ఆమె ఇబ్బంది మొదలుపెట్టడంలో ఉంది. ఆమె చీటీలో మొదటి లెక్క సగం నేనే చేసి ఇచ్చాను, 5 కొట్టేసి 4 వేసి ఉంటుంది, తీసివేత మాత్రం ఆమె చేయాలి. రెండో చీటీలో ఆ సాయం లేదు. ప్రతి ముక్క మొదలైన అర నిమిషంలో ఆమె బెంచీ దగ్గరికి వెళ్ళి, పేరు పిలవకుండా, పలక మీద వేలు పెట్టి చూపిస్తాను. పేరు పిలిస్తే అందరూ తిరిగి చూస్తారు, ఆమె ఇంకా ముడుచుకుపోతుంది.

పీరియడ్ ఎలా నడిచింది

మొదటి 3 నిమిషాలు కార్డులు వరసగా చూపించి సంచులు పంచడం. 6 నిమిషాలు నాతోపాటు 53 లోంచి 27 పుల్లలతో. 2 నిమిషాలు తప్పెటగుళ్ళు. 7 నిమిషాలు జతలుగా 42 లోంచి 18, 61 లోంచి 34, 70 లోంచి 26. పుల్లలు తీసి సంచిలో వేయడానికి 1 నిమిషం. 5 నిమిషాలు పలక మీద గీతలు, చుక్కలతో రెండు లెక్కలు. 2 నిమిషాలు గోడ తోయడం. 6 నిమిషాలు చీటీల మీద మూడు లెక్కలు. చివరి 3 నిమిషాలు అందరికీ ఒకటే లెక్క, 64 లోంచి 38, జవాబు రాసిన పలక ఒకేసారి పైకెత్తాలి. ఇవన్నీ కలిపితే 35. మిగతా 5 నిమిషాలకి ఏ పనీ పెట్టలేదు, పని మారేటప్పుడు అవి వాటంతట అవే పోతాయి. 40కి 40 నింపిన ప్లాన్ నాకెప్పుడూ చివరిదాకా నడవలేదు.

ఇద్దరు టీచర్లే ఉన్న బడిలో పక్కనే నాలుగో తరగతి కూడా చూసుకోవాలి. జతల ముక్క 7 నిమిషాలు నేను అటు వెళ్ళే సమయం. మొదటి ముక్క, రాత ముక్క మాత్రం వీళ్ళ దగ్గరే ఉండాలి.

మొదటి రోజు మా బాబు పుల్లలతో రెండు లెక్కలు, చీటీల్లో ఒకటి చేశాడు. చివరి పలకలో 36 ఉంది. 64 లోంచి 38 అయితే సరైన జవాబు 26, పది తగ్గించడం మరిచిపోతే 36. రింగు చూస్తే వేలికి లేదు, బెంచీ కింద పడి ఉంది. తీసి తొడిగాను, మాట్లాడలేదు. వేలు చూసుకుని 3 తుడిచి 2 రాశాడు. మూడో వారానికి పుల్లల పని పూర్తిగా చేస్తున్నాడు, చీటీల్లో చాలా రోజులు రెండు, కొన్ని రోజులు మూడు. భోజనం తర్వాతి పీరియడ్‌లో మాత్రం పెద్ద మార్పు రాలేదు.

తేడా వస్తే దేన్ని మార్చాలి

రెండు అంకెలు రాసుకోండి చాలు. కదలిక అయ్యాక తరగతి మళ్ళీ పనిలో పడటానికి ఎంతసేపు పట్టింది? ఇచ్చిన చీటీల్లో ఎన్ని పూర్తయ్యాయి? 'బాగా కూర్చున్నాడు' అని రాయకండి, అది లెక్కలోకి రాదు. కదిలి కూడా మూడు చీటీలు చేస్తే పాఠం పనిచేసినట్టే.

తిరిగి పనిలో పడటానికి నిమిషంలోపు పడితే కదలిక బాగుంది. రెండు నిమిషాలు దాటుతుంటే వేగంగా చేసే 16ని 8కి తగ్గించి నెమ్మదివి పెంచండి. చీటీలు మిగిలిపోతుంటే ముందు తప్పులు చూడండి. రాసినవి సరిగ్గా ఉండి మిగిలిపోతుంటే పని ఎక్కువైంది, రెండు చీటీలు ఇవ్వండి. 34లు కనబడుతుంటే పని తగ్గించడం వల్ల లాభం లేదు, పుల్లల దగ్గరికి వెనక్కి వెళ్ళాలి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి, దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒక్కో మార్పుకి కనీసం నాలుగైదు రోజులివ్వండి.

ఇవన్నీ చేసినా కుదరకపోతే ఇంట్లో అడగాలి. మా బాబు అమ్మానాన్నలు పనికి వలస వెళ్ళారు, నాయనమ్మ దగ్గర ఉంటున్నాడు. ఆమెని అడిగితే, "ఇంటికాడా ఆడింతేనమ్మా. ముద్ద నోట్లో ఎట్టుకునే ఈదిలోకి ఎల్లిపోతాడు. రేత్రి తొందరగా నిద్రా పోడు," అంది. ఆ మాట నాకు రెండు విధాల పనికొచ్చింది. ఇబ్బంది బడిలో ఒక్కచోటే కాదని తెలిసింది, నిద్ర సంగతీ తెలిసింది. నిద్ర చాలని పిల్లలు, కంటిచూపు గానీ వినికిడి గానీ తక్కువున్న పిల్లలు, రక్తహీనత ఉన్న పిల్లలు కూడా శ్రద్ధ లేనట్టే కనబడతారు. కొన్ని క్షణాలు బొమ్మలా ఉండిపోయి, పిలిచినా పలకకుండా, మళ్ళీ ఏమీ జరగనట్టు మామూలైపోయే పిల్లలుంటే అది ఒక రకం మూర్ఛ కావచ్చు, వెంటనే డాక్టరుకి చూపించమనాలి.

ఏడీహెచ్‌డీ అని పేరు పెట్టడం టీచరు పని కాదు. డాక్టర్లు చూసేవాటిలో ముఖ్యమైనవి: లక్షణాలు ఆరు నెలలకి పైగా ఉండటం, 12 ఏళ్ళలోపే మొదలవడం, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనబడటం. మీ దగ్గరున్న ఆ మూడు గళ్ళ పుస్తకం వాళ్ళకి చాలా విలువైనది, దాన్ని తల్లిదండ్రుల చేతికివ్వండి. బడికి ఆరోగ్య పరీక్షలకి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చెప్పొచ్చు, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం రిసోర్స్ టీచర్‌ని కలవొచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఏడీహెచ్‌డీ విడిగా లేదు. చదవడం, రాయడంలో వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది. పిల్లవాడికి రెండూ ఉండొచ్చు కాబట్టి పరీక్ష చేసేవాళ్ళకి చదువు విషయం కూడా తప్పకుండా చెప్పండి.

సాయాలు తీసేసే వరస

వరసగా ఐదు రోజులు చివరి పలక సరిగ్గా వస్తే మొదట పుల్లలు తీసేయండి, అడిగినవాళ్ళకి సంచి అందేచోట ఉండాలి. తర్వాత చీటీలని రెండు లెక్కల కాగితంగా కలపండి. రింగు ఇంకొన్నాళ్ళు ఉంచండి, వేలికి లేకుండానే 4 రాస్తున్నాడని కనబడినప్పుడు అది దానంతట అదే పోతుంది. కదలికలు, కార్డులు మాత్రం తీయకండి. మా బాబు ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్నాడు. 'ఇప్పుడు', 'తర్వాత' అట్ట అక్కర్లేదు గానీ, తాడు మీద కార్డులు లేని రోజు వచ్చి అడుగుతాడు. అందుకే నేను సెలవు పెట్టేటప్పుడు ఆ రోజు కార్డులు వరసగా పేర్చి, క్లిప్పుల డబ్బాతో సహా నా బదులు వచ్చే టీచర్ బల్ల మీద పెట్టి వెళతాను. పైన ఒక చీటీ ఉంటుంది: తప్పెట 16, 8, 4. చివరి దెబ్బకి కూర్చుంటారు.